బాటసారి ద్విజులు

బొమ్మ చూసి పబ్లిషరుగారు కుర్చీలో వెనక్కి వాలి మరీ నవ్వాడు. ఆయన అంత సులువుగా నవ్వే మనిషి కాదు. కాగితం ధర గురించో, బైండింగు ఆలస్యం గురించో దిగులు పడుతూ ఉండే ముఖం అది. అలాంటిది కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"టీచరమ్మా, పుస్తకం అమ్ముడుపోతే ఈ ఒక్క బొమ్మ వల్లే పోవాలి. మీ అనువాదానికి దండం, కానీ ఈ బొజ్జలకి సాష్టాంగం."

టీచరమ్మ కూడా నవ్వింది. కాలేజీలో సంస్కృతం చెబుతుంది కాబట్టి ఆ ఆఫీసులో ఆమెను అందరూ అలాగే పిలుస్తారు. ఋతువుల మీద ఉన్న పాత శ్లోకాల సంపుటి ఒకదాన్ని ఆమె తెలుగు చేసింది. అక్కడక్కడా బొమ్మలుంటే బాగుంటుందన్నది పబ్లిషరుగారి కోరిక. బొమ్మలాయన గీసి పంపినవాటిలో ఇదే మకుటం. మంచు కురుస్తున్న దారి, మధ్యలో నలుగురు బొజ్జ బ్రాహ్మలు. ఒకడు ఇంకొకడి కండువా లాగుతున్నాడు, మూడోవాడు వేలు చూపించి అరుస్తున్నాడు, నాలుగోవాడు మాత్రం అప్పుడే వచ్చిన పాల చెంబు వైపు చూస్తూ నోరు మూసేసుకున్నాడు. పక్కన బిక్కముఖం వేసుకుని ఓ బాటసారి.

శ్లోకం చిన్నదే.

హేమంతే పథికస్యాస్య
కుర్వంతి కలహం ద్విజాః ।
ఉష్ణే పయసి సంప్రాప్తే
మౌనమేవ వ్రజంతి తే ॥

దానికి ఆమె తెలుగు ఇది: "హేమంతంలో ఈ బాటసారి వెంట వచ్చిన బ్రాహ్మలు కలహించుకుంటున్నారు. వేడి పాలు రాగానే వాళ్ళు నోళ్ళు మూసుకున్నారు." పుస్తకం మొత్తంలో ఆమెకు అతి తేలిగ్గా వచ్చిన శ్లోకం ఇదే. సమాసాలు లేవు, చిక్కు లేదు. బస్సులో కూర్చుని, దిగేలోగా పూర్తి చేసేసింది. దీనికి వ్యాఖ్యానం చూడాల్సిన అవసరమే అనిపించలేదు. ఆ వ్యాఖ్యానం వేరే సంపుటంగా అచ్చయింది, లైబ్రరీలో తప్ప దొరకదు. కష్టమైన శ్లోకాలకు మాత్రం వెళ్ళి చూసి వచ్చేది.

ప్రూఫులు దిద్దించడానికి ఆమె బాబాయి ఇంటికి పట్టుకెళ్ళింది. బాబాయి బళ్ళో సంస్కృతం చెప్పి రిటైరైనవాడు. ఆమెకు అక్షరాలు దిద్దించింది దగ్గర్నుంచి ఆమె తప్పులు పట్టుకోవడం ఆయనకో వ్యసనం. పిన్ని దాన్ని "ఆయన పేకాట" అంటుంది.

బాబాయి బొమ్మ చూశాడు, నవ్వాడు. శ్లోకం చదివాడు, నవ్వడం మానేశాడు. ఎర్రపెన్ను మూత తీశాడు, మళ్ళీ పెట్టేశాడు.

"అమ్మాయ్, ఈ బాటసారికి ఇంతమంది బ్రాహ్మలు ఎక్కడ దొరికారే?"

"దారిలో కలిశారు బాబాయ్."

"దారిలో కలిశారని కవి చెప్పాడా, నువ్వు చెప్పావా?"

"వెంట వచ్చారు అనుకోవచ్చు కదా."

"అనుకోవచ్చు. రైల్లో టికెట్ లేకుండా ఎక్కి, టీసీ రాడులే అనుకోవచ్చు." ఆయన వేలు 'పథికస్యాస్య' మీద ఆగింది. "ఇది ఏ విభక్తి?"

ఆమెకు నలభై దాటాయి. పిల్లలకు రోజూ విభక్తులు చెబుతుంది. అయినా బాబాయి అడిగితే చేతులు కట్టుకోవాలనిపిస్తుంది. "షష్ఠి. ఈ బాటసారి యొక్క."

"బాటసారి యొక్క బ్రాహ్మలు. ఇంట్లో పెంచుకుంటున్నాడేమో."

లోపలి గదిలోంచి పిన్ని నవ్వు వినిపించింది.

"బాబాయ్, ద్విజులంటే బ్రాహ్మలు కాదా?"

"కారని ఎవరన్నారు? బ్రాహ్మలే. ఇంకెవరో కూడా. పుస్తకాల్లో ఒక్కర్నే ద్విజులు అనరు తల్లీ. రెండుసార్లు పుట్టిన ప్రతివాడూ ఆ కుర్చీ నాదే అంటాడు. ఎవణ్ణి కూర్చోబెట్టాలో వెనకా ముందూ చూసి చెప్పాలి. చూశావా?"

ఆమె ప్రూఫు కాగితాల అంచులు సర్దింది.

"చూడలేదన్నమాట. నేను చెప్పను. నేను చెబితే నీకు పంతం వస్తుంది, నన్ను తప్పని నిరూపించడానికి రెండు వారాలు తిరుగుతావు. వెళ్ళి వ్యాఖ్యానం చూడు."

"తెలిసి కూడా చెప్పవా?"

"తెలుసనుకుంటున్నాను. ఆ పుస్తకం నా దగ్గర లేదు కదా. ఊహకీ, చూసి చెప్పడానికీ తేడా ఉందిగా." ఎర్రపెన్నుతో 'వెంట వచ్చిన' చుట్టూ ఓ గుండ్రం చుట్టాడు. "ఈ రెండు మాటల్నీ మాత్రం పట్టుకో. శ్లోకంలో లేనిది నువ్వు తెచ్చిపెట్టావంటే, ఎక్కడో అతుకు పడలేదని నీకే తెలుసు. ఆ చిల్లుకి వేసిన మాసిక ఇది."

ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. నిజమే. బస్సులో ఆ షష్ఠి దగ్గర అర క్షణం తడబడింది. 'వెంట వచ్చిన' అని రాసేయగానే వాక్యం సాఫీగా సాగిపోయింది, ఆమే మర్చిపోయింది.

మర్నాడు కాలేజీ అవగానే లైబ్రరీకి వెళ్ళింది. రిఫరెన్సు గదిలో పొడుగాటి బల్లలు, ఒక మూల ఎప్పుడూ గరగరమనే ఫ్యాను. లైబ్రేరియన్ ఆమెను చూడగానే అడక్కుండానే ఆ సంపుటం తెచ్చి పెట్టింది. "మళ్ళీ ఇదేనా? దీన్ని మీరు పెళ్ళి చేసుకుంటే బాగుంటుంది మేడమ్, ఇంటికి తీసుకెళ్ళొచ్చు."

ముందు మూలాన్ని తెరిచింది. బస్సులో చేసిన పని ఈసారి చేయకూడదనుకుంది. ఒక్క శ్లోకం కాదు, దాని ముందుదీ తర్వాతదీ కలిపి చదివింది. ముందు శ్లోకంలో చలికి ద్విజాలు గూళ్ళల్లో ముడుచుకుని పడుకున్నాయి, దారి మీద మాత్రం ఒంటరిగా ఒకడు, చంకల్లో చేతులు పెట్టుకుని పోతున్నాడు. గూళ్ళున్నాయి కాబట్టి అక్కడ ద్విజాలంటే పక్షులు, గుడ్డుగా ఒకసారి, పిల్లగా ఒకసారి పుట్టేవి. అది ఆమె సరిగ్గానే రాసింది. కానీ ఆ 'ఒంటరిగా' అన్న మాట ఇప్పుడు పెద్దక్షరాల్లో కనిపించింది. ఒంటరిగా ఉన్నవాడు మరుసటి శ్లోకానికల్లా నలుగురు బ్రాహ్మల్ని ఎలా పోగుచేశాడు? పైగా 'అస్య', ఈ బాటసారి, అంటున్నాడు కవి. ఏ బాటసారి? ఇప్పుడే చెప్పిన ఆ ఒంటరివాడు. బ్రాహ్మలు నలుగురూ ఒక్కొక్కరే ఆమె కళ్ళముందే బొమ్మలోంచి దిగి వెళ్ళిపోయారు.

సరే, మరి పక్షులా? వ్యాఖ్యాన సంపుటంలో ఆ అంకె వెతికింది. అక్కడ స్పష్టంగా ఉంది: "ద్విజాః పక్షిణః."

"హమ్మయ్య" అనుకుంది. పెన్సిల్ తీసింది. పక్షుల కలహం. హేమంతంలో బాటసారి పక్షులు కలహిస్తున్నాయి, వేడి పాలు రాగానే...

పెన్సిల్ ఆగింది. పక్షులకు వేడి పాలు ఎవరు పోస్తారు? పోనీ పయస్సంటే నీళ్ళు కూడా కదా, వేడి నీళ్ళనుకుందాం. పక్షుల మీద వేడి నీళ్ళు పోస్తే మౌనం వహించవు, ఎగిరిపోతాయి. బాటసారి యొక్క పక్షులు అన్నా అంతే, పంజరం పట్టుకు తిరుగుతున్నాడా? ఆ షష్ఠి మళ్ళీ గొంతుకు అడ్డం పడింది. మళ్ళీ ఏదో మాట తెచ్చి మాసిక వేయాలి. బాబాయి ఎర్ర గుండ్రం కళ్ళల్లో మెదిలింది.

వ్యాఖ్యానంలో తర్వాతి ముక్క చదివింది. "కులాయేషు నీడేషు." గూళ్ళల్లో అని. ఆమె శ్లోకంలో గూడే లేదు! లేని మాటకు వ్యాఖ్యాత అర్థం ఎందుకు చెబుతాడు? అప్పుడు పేరా మొదటికి వెళ్ళింది. పాత వ్యాఖ్యాతలు ఏ శ్లోకానికి రాస్తున్నారో దాని మొదటి మాట చెప్పి మొదలుపెడతారు. అంకెలు అచ్చువేసేవాళ్ళవి, మొదటి మాట మాత్రం వ్యాఖ్యాతది. ఇక్కడ మొదటి మాట 'హేమంతే' కాదు. ఇది ముందు శ్లోకానికి రాసిన వ్యాఖ్య. పుస్తకం మొదట్లో ఉన్న మంగళశ్లోకాన్ని మూలం అచ్చువేసినవాళ్ళు లెక్కలో కలపలేదు, వ్యాఖ్యానం వేసినవాళ్ళు కలిపారు. రెండు సంపుటాలకూ ఒక అంకె తేడా.

ఇన్నాళ్ళూ చూసిన కష్టమైన శ్లోకాల్లో ఈ తేడా ఆమెను ఇబ్బంది పెట్టలేదు, ఎందుకంటే పెద్ద పెద్ద సమాసాలు ఎక్కడున్నా కంటికి తగులుతాయి. అదే మాట రెండు శ్లోకాల్లోనూ ఉండేసరికి కాలు జారబోయింది.

పేజీ తిప్పింది.

"హేమంత ఇతి. ద్విజా దంతాః. కలహః శైత్యాత్ పరస్పరసంఘట్టః. పథికస్యేతి సంబంధే షష్ఠీ."

హేమంతే అన్న శ్లోకం. ద్విజాలంటే దంతాలు. కలహమంటే చలి వల్ల ఒకదానికొకటి కొట్టుకోవడం. బాటసారి యొక్క అన్నది సంబంధాన్ని చెప్పే షష్ఠి, అంటే ఆ పళ్ళు వాడివే.

టీచరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. అయినా నవ్వు బయటికి వచ్చేసింది. ఎదుటి బల్ల మీద పోటీపరీక్షకు చదువుకుంటున్న ఆయన తలెత్తి చూశాడు. చలికి పళ్ళు పటపట కొట్టుకుంటున్నాయి, వేడిగా ఏదో గొంతులోకి దిగగానే ఊరుకున్నాయి. ఎంత చిన్న సంగతి! ఒక్క మాట కూడా అదనంగా తేనక్కర్లేదు. ప్రతి విభక్తీ దాని చోట అది కూర్చుంది.

'పయసి' గురించి మాత్రం వ్యాఖ్యాత నోరు విప్పలేదు. పాలా, నీళ్ళా? వెచ్చబడటానికి ఏవైనా చాలు. ఈసారి తొందరపడకుండా తర్వాతి శ్లోకం చదివింది. అందులో బాటసారి మీసాలకు మీగడ అంటుకుని ఉంది. పాలిచ్చిన గొల్లపడుచు అది చూసి నవ్వుతోంది. నీళ్ళకు మీగడ కట్టదు కదా. పాలే.

"ఒకటి తప్పు, ఒకటి ఒప్పు" అని తనకు తనే మార్కులు వేసుకుంది.

ఇంటికెళ్ళి బాబాయికి ఫోన్ చేసింది.

"దంతాలు బాబాయ్."

"ఆఁ? గట్టిగా చెప్పు."

"దంతాలు! ద్విజాలంటే పళ్ళు!"

"మెల్లిగా అనవే. మా ఇంట్లో ద్విజులు ఇప్పుడే గ్లాసులో పడుకున్నారు." కట్టుడుపళ్ళు తీసేసినట్టున్నాడు, మాటలన్నీ మెత్తగా జారుతున్నాయి. "అయినా నావి ద్విజులని ఎలా అనను? పాలపళ్ళు ఒకసారి, అసలు పళ్ళు ఇంకోసారి, డాక్టరు పెట్టినవి మూడోసారి. త్రిజులు."

"నీకు మొదటే తెలుసు."

"అనుమానమే." ఆమె లైబ్రరీలో జరిగిందంతా చెప్పింది. "సరే, అంకెల తేడా సంగతి నువ్వే కనిపెట్టావా? మొదటి మాట చూసి? శభాష్." ఆ ఒక్క శభాష్ ఎక్కడ ఎక్కువైపోతుందోనని వెంటనే సర్దుకున్నాడు. "నలభై ఏళ్ళకైనా వచ్చింది."

ఆమె అసలు బాధ చెప్పింది. ఇంత శుద్ధ మూర్ఖురాలిలా బ్రాహ్మల్ని ఎలా రాసిందో, బొమ్మ కూడా వేయించిందో.

బాబాయి మధ్యలోనే ఆపాడు. "చూడమ్మాయ్. దంతాః అని రాయడం కవికి రాదా? ఛందస్సుకి సరిపోయే మాటలు బోలెడున్నాయి. కావాలనే ద్విజాః అన్నాడు. 'ద్విజులు కలహిస్తున్నారు' అనేసరికి వినేవాడికి బ్రాహ్మలే గుర్తుకు రావాలి. వేడి పాలు అనగానే ఇంకా నవ్వు రావాలి. ఆ తర్వాత, అరే, బాటసారి యొక్క అన్నాడే అని తట్టాలి. అప్పుడు అసలు నవ్వు. కవి కావాలనే గొయ్యి తవ్వాడు. నువ్వు అందులో పడ్డావు. పడటం తప్పు కాదు, పడాలనే తవ్వాడు. కాకపోతే నువ్వు పైకి రాలేదు. అక్కడే కాపురం పెట్టావు."

మర్నాడు ప్రచురణాలయానికి వెళ్ళి చెప్పేసరికి పబ్లిషరుగారి ముఖం మళ్ళీ కాగితం ధర గుర్తొచ్చినట్టయింది.

"పళ్ళా? టీచరమ్మా, ఎవరు చూస్తారు? నలుగురు బ్రాహ్మల్ని ఉండనివ్వండి. అర్థం కాకపోతే జనం నవ్వుకుంటారు, అర్థమైతే ఇంకా నవ్వుకుంటారు."

ఆమె ఒక్క క్షణం ఊగింది. బొమ్మ నిజంగా బాగుంది. ఆ నాలుగోవాడి కళ్ళల్లో పాల చెంబు మీద ఉన్న ఆశ అంటే ఆమెకే ఎంతో ఇష్టం. కానీ దారి మీద ఒంటరిగా, చంకల్లో చేతులు పెట్టుకుని పోతున్న ఆ మనిషి ఇప్పుడు ఆమెకు తెలుసు. నలుగురి మధ్య ఇరికించి అతని చలిని మాయం చేసేసింది తను.

"లేదండీ. బాటసారికి తోడెవరూ లేరు. ఉన్నవి వాడి పళ్ళే."

పబ్లిషరుగారు నిట్టూర్చి, ఫోన్ తీసి బొమ్మలాయనకు మెసేజ్ కొట్టాడు. బిల్లు కూడా పెరుగుతుందని గొణిగాడు కానీ పంపాడు.

రెండు రోజులకు కొత్త బొమ్మ వచ్చింది. కంప్యూటరు తెర మీద తెరిచి చూసి ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంచు దారి, బిక్కముఖం బాటసారి, మధ్యలో పాల చెంబు. దాని చుట్టూ కాళ్ళూ చేతులూ వచ్చిన ఒక అరటిపండు, ఒక దానిమ్మ, ఒక నారింజ. అరటిపండు నారింజ జుట్టు పట్టుకుంది. ద్రాక్షగుత్తి అందరినీ విడదీస్తోంది.

టీచరమ్మ కుర్చీలో కూలబడింది. "మీరేం పంపారు?"

పబ్లిషరుగారు ఫోన్ చూపించాడు. "బ్రాహ్మలు వద్దు. పళ్ళు పెట్టండి. పాలు ఉంచండి."

ఆమె స్వయంగా బొమ్మలాయన ఇంటికే వెళ్ళింది. మేడ మీద ఒకే గది, కిటికీ కింద బల్ల, పాత మగ్గుల నిండా కుంచెలు. ఆయన లోకం మీద ఫిర్యాదున్న మనిషిలా కనిపిస్తాడు కానీ, మాట మాత్రం చాలా మెత్తన.

"ఇంతకీ ఏం తప్పండీ? పాలూ పళ్ళూ అన్నారు. పక్కపక్కన ఆ రెండు మాటలూ ఉంటే లోకంలో ఎవడైనా అరటిపండే గీస్తాడు. పన్ను గీస్తే నాకు పిచ్చెక్కిందంటారు."

బస్సులో ఒకే ఒక్క శ్లోకం చూసి తనేం చేసిందో, ఒకే ఒక్క మెసేజ్ చూసి ఈయనా అదే చేశాడు. తేడా ఏమిటంటే ఈయన దగ్గర వెనకా ముందూ చూడటానికి పుస్తకం లేదు.

"మీ తప్పేం లేదండీ. మొదట్నుంచీ చెబుతాను, కూర్చోండి."

ముందు శ్లోకం చెప్పింది. గూళ్ళల్లో ముడుచుకున్న పక్షులు, దారి మీద ఒక్కడు. తర్వాత ఈ శ్లోకం. తర్వాతది కూడా. బొమ్మలాయన వింటూనే పెన్సిల్ అందుకున్నాడు. భుజాలు చెవులదాకా లేచిన మనిషిని గీశాడు. చంకల్లో చేతులు. దవడ దగ్గరికొచ్చి ఆగాడు, తన పళ్ళే ఒకసారి టకటకలాడించి అద్దంలో చూసుకున్నాడు.

"వీడికి నోరు తెరిచి ఉండాలా, మూసి ఉండాలా?"

"కొంచెం తెరిచి. కలహం కనబడాలి కదా."

"మరి మీగడ?"

"అది తర్వాత శ్లోకంలో."

"ఆ శ్లోకానికి బొమ్మ లేదే?"

"లేదు."

"ఉంటుంది" అన్నాడు ఆయన, రెండో కాగితం తీసుకుంటూ. "ఆ గొల్లపడుచు నవ్వు వదిలేస్తే పాపం తగులుతుంది. దానికి డబ్బులేం వద్దని పబ్లిషరుగారికి చెప్పండి, ముఖం అలా పెట్టుకోవద్దనండి."

ఇక మిగిలింది తెలుగు. 'ద్విజులు' అన్న మాటలో కవి తవ్విన గొయ్యి తెలుగులో 'పళ్ళు' అనగానే పూడిపోతుంది. పళ్ళంటే పళ్ళే, లేకపోతే అరటిపళ్ళు. ఆమె మూడు రోజులు దాన్నే నములుతూ తిరిగింది. చివరికి ఓ ఉదయం క్లాసులో ముందు బెంచీవాళ్ళు గొడవపడుతుంటే, "ఎందుకలా కొట్టుకుంటున్నారు?" అని గద్దించి, ఆ మాట దగ్గరే ఆగిపోయింది. కొట్టుకోవడం. మనుషులూ కొట్టుకుంటారు, చలికి పళ్ళూ కొట్టుకుంటాయి. గొయ్యిని నామవాచకంలోంచి తీసి క్రియలో తవ్వుకోవచ్చు. పిల్లలు తిట్లకోసం ఎదురు చూస్తుంటే ఆమె బల్ల మీద వంగి ఏదో రాసుకుంది.

ఆదివారం బాబాయి దగ్గర చదివి వినిపించింది.

"హేమంతంలో ఒకళ్ళనొకళ్ళు కొట్టుకుంటున్నారు, రెండు వరుసలుగా నిలబడి, ఈ బాటసారి నోట్లోనే ఉండే ఆ పళ్ళవాళ్ళు. వేడి పాలు వచ్చాయో లేదో, అందరూ మౌనవ్రతం పట్టారు."

బాబాయి మళ్ళీ చదవమన్నాడు. చదివింది. పిన్ని వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "పళ్ళవాళ్ళు" అని తనలో తాను అనుకుని నవ్వుకుంది.

బాబాయి పెన్ను మూత తీశాడు. "రెండు వరుసలు శ్లోకంలో లేవు."

"నోట్లో ఉన్నాయి బాబాయ్. పళ్ళకి రెండే వరుసలు. లేనిది తేలేదు, ఉన్నదే చెప్పాను."

"ఊఁ. మౌనవ్రతం? 'మౌనమేవ వ్రజంతి'. వ్రజంతి అంటే వెళ్తున్నారు. అక్కడ వ్రతం ఎక్కడుంది?"

"వ్రతం లేదు. కానీ తెలుగులో మౌనంలోకి వెళ్ళరు, మౌనం వహిస్తారు, లేకపోతే మౌనవ్రతం పడతారు. ఇప్పటిదాకా కొట్టుకున్నవాళ్ళు ఒక్కసారిగా బుద్ధిమంతులైపోయారంటే వ్రతమే సరైన మాట. దాన్ని కొట్టేస్తే నేను ఊరుకోను."

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఈసారి మాసిక కాదని, కుట్టు మీద చెయ్యి వేసి చూసుకుని మరీ మాట్లాడుతోందని ఆయనకు అర్థమైంది. పెన్ను కాగితం మీదకు వెళ్ళింది. వ్రతం మీద కాదు, దాని పక్కన మార్జిన్‌లో చిన్న టిక్కు పెట్టింది.

"సరే, ఉండనీ." పేజీ తిప్పి, కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇదిగో, ఈ వర్షాకాలం శ్లోకం. 'ఘన' అని ఉంది. మేఘమని రాశావు. దట్టమైన అని కూడా కావచ్చు కదా? వ్యాఖ్యానం చూశావా?"

"చూశాను బాబాయ్."

"మొదటి మాట సరిచూసుకున్నావా?"

"చూశాను!"

"అయితే కాఫీ తాగుదాం" అన్నాడు, కాస్త నిరాశగా.